రిటైరైన భాగస్తుడి లెక్క ఎలా తేల్చాలి: గుడ్‌విల్ ఎంట్రీ నుంచి ఎగ్జిక్యూటర్‌కి ఆఖరి వాయిదా దాకా

భాగస్తుడు రిటైరయ్యాడు. ఇవ్వాల్సిన డబ్బు వాయిదాల్లో ఇస్తామని రాసుకున్నారు. ఒక వాయిదా కట్టాక ఆయన కాలం చేశారు. ఇప్పుడు పుస్తకాల్లో ఏం రాయాలి? గుడ్‌విల్, అంటే సంస్థ సంపాదించుకున్న పేరుకు కట్టే విలువ, మళ్లీ లెక్కకట్టాలా? పోయిన తేదీ వరకు లాభంలో వాటా ఇవ్వాలా?

ఈ ప్రశ్నతో వచ్చేవాళ్ల పుస్తకాలు తీసి చూస్తే, చిక్కు చాలాసార్లు మరణం దగ్గర ఉండదు. రిటైరైన రోజున వేయాల్సిన ఎంట్రీలు వేయకపోవడం దగ్గరే ఉంటుంది. అందుకే మనం మొదటి రోజు నుంచి మొదలుపెట్టి, పోయినాయన వీలునామా అమలు చేసే ఎగ్జిక్యూటర్ చేతికి చివరి చెక్కు ఇచ్చేదాకా ఒకే లెక్కతో నడుద్దాం.

ఒక హార్డ్‌వేర్ షాపు అనుకోండి. ముగ్గురు భాగస్తులు: పెద్దన్న, తమ్ముడు, వాళ్ల బావ. లాభంలో 10 వాటాలకు పెద్దన్నకు 5, బావకు 3, తమ్ముడికి 2. బావ 2023 మార్చి 31న రిటైరయ్యారు. ఆ రోజు మూలధనం పెద్దన్నది 5,00,000, బావది 3,00,000, తమ్ముడిది 2,00,000 రూపాయలు. సాధారణ రిజర్వు 1,00,000. సరుకు ఇచ్చినవాళ్లకు బాకీ 1,50,000. మొత్తం 12,50,000. దానికి ఎదురుగా ఆస్తులు: బిల్డింగ్ 4,00,000, ఫర్నిచర్ 1,00,000, సరుకు 4,50,000, రావాల్సిన బాకీలు 2,00,000, బ్యాంకులో 1,00,000.

ముందు డీడ్ తీయండి

ఎంట్రీలకన్నా ముందు భాగస్వామ్య ఒప్పంద పత్రంలో నాలుగు సంగతులు వెతకండి: గుడ్‌విల్ ఎలా లెక్కకట్టాలి, డబ్బు ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి, వడ్డీ ఎంత, మధ్యలో మనిషి పోతే ఎవరికి ఇవ్వాలి. చాలా డీడ్‌లలో మొదటిది ఒక్కటే ఉంటుంది. మిగతావి లేకపోతే, రిటైర్మెంట్ డీడ్‌లోనైనా రాసి ముగ్గురి చేతా సంతకాలు పెట్టించండి. వడ్డీ మాట రాయకపోతే ఏమవుతుందో తర్వాత అంకెలతో చూపిస్తాను. చూశాక ఆ ఒక్క వాక్యానికి ఎంత విలువుందో మీకే తెలుస్తుంది.

మన షాపులో ముగ్గురూ ఇలా ఒప్పుకున్నారు. గుడ్‌విల్ అంటే గత మూడేళ్ల సగటు లాభానికి రెండు రెట్లు. బావకు రావాల్సినదాంట్లో 65,000 వెంటనే ఇస్తారు. మిగతాది ఏటా మార్చి 31న నాలుగు సమాన వాయిదాల్లో, నిలవ మీద 10 శాతం సాధారణ వడ్డీతో కలిపి ఇస్తారు. ఇకపై లాభం పెద్దన్నకు 5లో 3 వంతులు, తమ్ముడికి 5లో 2 వంతులు.

ఆస్తుల విలువ, రిజర్వు: పాత నిష్పత్తిలో, ముగ్గురికీ

బిల్డింగ్ విలువ 4,80,000 అని తేలింది, అంటే 80,000 పెరిగింది. సరుకులో 20,000 తుప్పు పట్టి పోయింది. బాకీల్లో 10,000 వస్తుందో రాదో తెలియదు. ఇవన్నీ రీవాల్యుయేషన్ ఖాతాలో వేస్తే నికరంగా 50,000 లాభం మిగులుతుంది. దాన్ని 5:3:2 చొప్పున పంచండి. పెద్దన్నకు 25,000, బావకు 15,000, తమ్ముడికి 10,000. రిజర్వు లక్ష కూడా అదే లెక్కన 50,000, 30,000, 20,000.

రిజర్వును పూర్తిగా పంచడం ఇష్టం లేకపోతే బావ వాటా 30,000 ఒక్కటే ఆయనకు ఇచ్చి, ఆ భారాన్ని మిగతా ఇద్దరి మీద వేసే పద్ధతి కూడా ఉంది. మొదటిసారి చేసేవాళ్లు మాత్రం పూర్తిగా పంచేయడమే మేలు.

గుడ్‌విల్: అసలు తప్పులన్నీ ఇక్కడే

మూడేళ్ల లాభాలు 1,80,000, 1,90,000, 2,30,000. సగటు 2,00,000. రెండు రెట్లు చేస్తే గుడ్‌విల్ 4,00,000. అందులో బావ వంతు 10లో 3, అంటే 1,20,000.

ఈ 1,20,000 ఎవరివ్వాలి? బావ వదిలిపెట్టిన లాభపు వాటా ఎవరి చేతికి వెళ్లిందో వాళ్లివ్వాలి, ఎవరికెంత వెళ్లిందో ఆ మేరకే ఇవ్వాలి. దీన్నే గెయినింగ్ రేషియో అంటారు. కొత్త వాటాలోంచి పాత వాటా తీసేస్తే వస్తుంది. పెద్దన్నకు కొత్తగా 10లో 6, పాతది 5, కాబట్టి 1 పెరిగింది. తమ్ముడికి కొత్తగా 10లో 4, పాతది 2, కాబట్టి 2 పెరిగింది. అంటే 1:2. ఎంట్రీ ఇలా వస్తుంది:

పెద్దన్న మూలధన ఖాతా – డెబిట్ 40,000
తమ్ముడి మూలధన ఖాతా – డెబిట్ 80,000
బావ మూలధన ఖాతాకు – క్రెడిట్ 1,20,000

షాపులో సగం వాటా ఉన్న పెద్దన్నకు 40,000, చిన్న వాటాదారు తమ్ముడికి 80,000 పడేసరికి ఇంట్లో గొడవ మొదలవుతుంది. "నాకెందుకన్నయ్యా ఎక్కువ?" అంటాడు తమ్ముడు. అప్పుడు సూత్రాలు చెప్పకండి, ఈ లెక్క చూపించండి. ఏడాదికి 2,00,000 లాభమనుకుంటే, నిన్నటిదాకా పెద్దన్నకు లక్ష వచ్చేది, ఇక 1,20,000 వస్తుంది. తమ్ముడికి 40,000 వచ్చేది, ఇక 80,000 వస్తుంది. పెద్దన్నకు ఏడాదికి 20,000 పెరిగితే తమ్ముడికి 40,000 పెరిగింది. గుడ్‌విల్ రెండేళ్ల లాభం కదా, ఆ పెరుగుదలను రెండుతో హెచ్చించండి. సరిగ్గా 40,000, 80,000. ఇద్దరూ రెండేళ్లలో తమకు అదనంగా వచ్చేదాన్నే ఇప్పుడు బావకు ఇస్తున్నారు, అంతే.

ఈ లెక్క తమ్ముణ్ని ఒప్పించడానికే కాదు, మీ ఎంట్రీ సరిచూసుకోవడానికీ పనికొస్తుంది. ఎందుకంటే ఇక్కడ తప్పు చేసినా ఆస్తి అప్పుల పట్టీ చక్కగా కలుస్తుంది. 1,20,000ను పాత నిష్పత్తి 5:2లో పంచారనుకోండి. పెద్దన్నకు 85,714, తమ్ముడికి 34,286 పడతాయి. కొత్త నిష్పత్తి 3:2లో పంచితే 72,000, 48,000. మూడు రకాల్లోనూ మొత్తం 1,20,000యే కాబట్టి ట్యాలీ ఏ అభ్యంతరమూ చెప్పదు. నష్టం మాత్రం అన్నదమ్ముల్లో ఒకరికి జరిగిపోతుంది. ఏళ్ల తర్వాత షాపు విడిపోయేటప్పుడు అది బయటపడుతుంది. నేను చేరిన కొత్తలో ఒక షాపు లెక్క ఇలాగే కొత్త నిష్పత్తిలో పంచేశాను. పెద్దాయన పట్టీ చూసి "కలిసింది కదా" అన్నారు, నేనూ అదే అనుకున్నాను. మరుసటి ఏడు ఆడిటరు వాటాలు పెరిగిన తీరు అడిగితే తప్ప అది బయటపడలేదు.

పాత నిష్పత్తే సరైనదయ్యే సందర్భం ఒకటుంది. కొత్త నిష్పత్తి గురించి ఎవరూ ఏమీ అనుకోకపోతే, మిగిలిన ఇద్దరూ వాళ్ల మధ్య ఉన్న పాత 5:2నే కొనసాగిస్తారని తీసుకుంటాం. అప్పుడు గెయినింగ్ రేషియో కూడా 5:2 అవుతుంది. పరీక్షలో "కొత్త నిష్పత్తి" అన్న మాట లెక్కలో ఉందో లేదో రెండుసార్లు చదవమనేది ఇందుకే.

ఇంకో మలుపు. కొత్త వాటాలు పెద్దన్నకు 10లో 4, తమ్ముడికి 6 అని ఒప్పుకుంటే? అప్పుడు పెద్దన్నకు పెరగలేదు సరికదా, 1 తగ్గింది. ఆయన కూడా తమ్ముడికి వాటా వదిలినట్టే. కాబట్టి తమ్ముణ్ని 1,60,000కు డెబిట్ చేసి, బావకు 1,20,000, పెద్దన్నకు 40,000 క్రెడిట్ చేయాలి. రిటైరైనవాడికి మాత్రమే క్రెడిట్ వస్తుందని బట్టీ పట్టినవాళ్లు ఇక్కడ దొరికిపోతారు.

గుడ్‌విల్ 4,00,000ను ఆస్తిగా పట్టీలో చూపించేస్తే పోదా అని కొందరు అడుగుతారు. అకౌంటింగ్ స్టాండర్డ్ 26 ప్రకారం డబ్బు పెట్టి కొన్న గుడ్‌విల్‌నే ఆస్తిగా చూపాలి. మన షాపు తనంతట తాను సంపాదించుకున్న పేరును చూపకూడదు. అందుకే మూలధన ఖాతాల మధ్యే సర్దుతాం. పాత పట్టీలో ముందే గుడ్‌విల్ అని ఒక అంకె ఉంటే, పైన చెప్పిన ఎంట్రీకన్నా ముందు దాన్ని ముగ్గురి మీదా పాత నిష్పత్తిలో కొట్టేయండి. బావను అందులోంచి తప్పించవద్దు. ఆ అంకె పుట్టినప్పుడు ఆయనా భాగస్తుడే.

బావకు ఎంత తేలింది

బావ ఖాతాలో క్రెడిట్ వైపు మూలధనం 3,00,000, రిజర్వు 30,000, రీవాల్యుయేషన్ 15,000, గుడ్‌విల్ 1,20,000. మొత్తం 4,65,000. ఆ ఏడాది ఆయన వాడుకున్న సొంతఖర్చులు ఉంటే తీసేయాలి. మన లెక్కలో లేవు. పెద్దన్నకు 5,35,000, తమ్ముడికి 1,50,000 మిగులుతాయి. మూడూ కలిపితే 11,50,000. ఆస్తుల కొత్త విలువ 13,00,000, అందులోంచి బాకీలు 1,50,000 పోతే అదే 11,50,000. కలిసింది.

తమ్ముడి మూలధనం బాగా తగ్గింది కదా. కొత్త నిష్పత్తి ప్రకారమే మూలధనాలూ ఉండాలనుకుంటే, ఇద్దరిదీ కలిపిన 6,85,000ను 3:2గా చేస్తే పెద్దన్నకు 4,11,000, తమ్ముడికి 2,74,000 ఉండాలి. అంటే తమ్ముడు 1,24,000 తేవాలి, పెద్దన్న అంతే తీసుకోవాలి. ఇది తప్పనిసరేం కాదు, వాళ్లు ఒప్పుకుంటేనే.

బావకు వెంటనే 65,000 చెక్కు ఇచ్చాం. మిగిలిన 4,00,000ను ఆయన మూలధన ఖాతాలోంచి "బావ రుణ ఖాతా"కు మార్చండి. ఈ ఎంట్రీ చాలా చోట్ల వేయరు, మూలధన ఖాతాలోనే ఉంచేస్తారు. ఈ మార్పుతో ఆయన షాపుకు భాగస్తుడు కాదు, అప్పిచ్చినవాడు. తర్వాత ఆయన పోయినప్పుడు ఏం చేయాలో ఈ ఒక్క ఎంట్రీయే చెబుతుంది.

అదే వారంలో రిటైర్మెంట్ సంగతి నోటీసుగా బయటపెట్టండి. 1932 నాటి భాగస్వామ్య చట్టంలో సెక్షన్ 72 దీని గురించే చెబుతుంది. రిజిస్టరైన సంస్థ అయితే రిజిస్ట్రార్‌కు తెలపాలి, గెజిట్‌లోనూ, ఆ జిల్లాలో నడిచే ఒక తెలుగు పత్రికలోనూ ప్రకటన ఇవ్వాలి. ఇవ్వకపోతే బావ ఇంకా ఉన్నాడనుకుని సరుకు ఇచ్చినవాళ్లు ఆయన మీదికి కూడా వెళ్లగలరు.

మొదటి వాయిదా, తర్వాత కబురు

2024 మార్చి 31న 4,00,000 మీద ఏడాది వడ్డీ 40,000. వాయిదా లక్షతో కలిపి 1,40,000 ఇచ్చాం. నిలవ 3,00,000.

2024 సెప్టెంబర్ 30న బావ కాలం చేశారు. ఇక్కడ ఆగి రుణ ఖాతా చూడండి. ఆయన పోయింది రిటైరయ్యాక. కాబట్టి గుడ్‌విల్ మళ్లీ లెక్కకట్టేది లేదు. ఆ ఆరు నెలల లాభంలో వాటా లేదు. బిల్డింగ్ ధర ఇంకా పెరిగినా ఆ పెరుగుదలలో భాగం లేదు. ఆయన లెక్క 2023 మార్చి 31తో ముగిసింది. భాగస్తుడిగా ఉండగానే పోయి ఉంటే ఇవన్నీ పోయిన తేదీతో కట్టి ఎగ్జిక్యూటర్ ఖాతాకు క్రెడిట్ చేసేవాళ్లం. పాఠ్యపుస్తకాల్లోని లెక్కలు చాలావరకు ఆ రెండో రకానివే కావడంతో, చదువుకున్నవాళ్లు కూడా అలవాటు కొద్దీ ఇక్కడ గుడ్‌విల్ వేసేస్తారు.

చేయాల్సింది రెండే ఎంట్రీలు. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు 3,00,000 మీద వడ్డీ 15,000:

వడ్డీ ఖాతా – డెబిట్ 15,000
బావ రుణ ఖాతాకు – క్రెడిట్ 15,000

తర్వాత మొత్తం మార్చేయండి:

బావ రుణ ఖాతా – డెబిట్ 3,15,000
బావ ఎగ్జిక్యూటర్ రుణ ఖాతాకు – క్రెడిట్ 3,15,000

మిగిలిన ఆరు నెలల వడ్డీ వేసేటప్పుడు ఖాతాలో కనిపిస్తున్న 3,15,000 మీద వేయకండి. ఒప్పందం సాధారణ వడ్డీ అంది కాబట్టి అసలు 3,00,000 మీదే 15,000. 2025 మార్చి 31న ఎగ్జిక్యూటర్‌కి వాయిదా లక్ష, ఏడాది వడ్డీ 30,000, కలిపి 1,30,000. నిలవ 2,00,000. 2026 మార్చి 31న 1,20,000. 2027 మార్చి 31న 1,10,000తో ఖాతా సున్నా. సున్నా రాకపోతే వడ్డీ మీద వడ్డీ పడిందేమో మొదట చూడండి.

చెక్కు ఎవరి పేరున

బావ వీలునామా రాసి, అందులో ఆయన భార్యను, అంటే అన్నదమ్ములకు అక్కను, అమలు చేసే మనిషిగా పెట్టారనుకుందాం. అప్పుడు ఆమే ఎగ్జిక్యూటర్. "మా అక్కే కదా, నగదు చేతికిచ్చేస్తాం" అంటారు. వద్దు. ఆమె అందుకుంటున్నది తన సొంత డబ్బుగా కాదు, వీలునామాలో ఉన్న అందరి తరఫున. చెక్కు లేదా బ్యాంకు బదిలీ ద్వారా ఇచ్చి, "ఎగ్జిక్యూటర్ హోదాలో ముట్టింది" అని రసీదు రాయించుకోండి. ఇద్దరు ఎగ్జిక్యూటర్లుంటే ఇద్దరి సంతకాలూ తీసుకోండి.

వీలునామా లేకపోతే ఎగ్జిక్యూటర్ అనేవారే ఉండరు, వారసులుంటారు. అప్పుడు ఒక్కరి మాట మీద ఇవ్వకుండా సక్సెషన్ సర్టిఫికెట్ అడగండి. అది చూసి ఇస్తే, రేపు ఇంకో వారసుడు వచ్చినా షాపు రెండోసారి కట్టాల్సిన పని ఉండదు. సర్టిఫికెట్ వచ్చేదాకా వాయిదా ఆగినా ఖాతా పేరును "బావ చట్టపరమైన వారసులు" అని మార్చి వడ్డీ వేస్తూ ఉండండి.

పన్ను విషయం ఆడిటర్‌తో మాట్లాడాల్సిందే. పోయిన తేదీ తర్వాతి వడ్డీని బావ పాన్ మీద చూపించకూడదు, అందుకే సెప్టెంబర్ 30న వడ్డీని రెండు ముక్కలు చేశాం. ఇంకోటి, గుడ్‌విల్ రూపంలో మూలధనానికి మించి ఇచ్చినదానిపై సంస్థకు క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడే నిబంధన 2021 ఫైనాన్స్ చట్టంతో వచ్చింది. రిటైర్మెంట్ అంకె ఖరారయ్యే ముందే అడగండి.

వడ్డీ మాట రాయకపోతే

ముందు చెప్తానన్నది ఇదే. డీడ్‌లో ఏమీ లేదు, బావ లెక్క తేల్చలేదు, ఆయన 4,00,000 షాపులోనే తిరుగుతోంది అనుకోండి. చట్టంలో సెక్షన్ 37 ప్రకారం ఆయనకు, పోతే ఆయన ప్రతినిధులకు, రెండు దారులుంటాయి: ఏడాదికి 6 శాతం వడ్డీ, లేదా ఆ డబ్బు వాడుకోవడం వల్ల వచ్చిన లాభంలో భాగం. ఏది కావాలో వాళ్లే ఎంచుకుంటారు, షాపు కాదు.

6 శాతమంటే 24,000. ఇక రెండో దారి చూడండి. ఆ ఏడాది లాభం 2,17,000 వచ్చిందనుకుందాం. షాపులో మొత్తం పెట్టుబడి పెద్దన్న 5,35,000, తమ్ముడు 1,50,000, బావ 4,00,000, కలిపి 10,85,000. పాఠ్యపుస్తకాల్లో చేసినట్టు పెట్టుబడి దామాషాలో తీస్తే బావ భాగం 80,000. 24,000 ఎక్కడ, 80,000 ఎక్కడ! అక్క తరఫు లాయరు దేన్ని అడుగుతాడో చెప్పక్కర్లేదు. వడ్డీ 10 శాతమని రిటైర్మెంట్ డీడ్‌లో ముందే రాసి ఉంటే ఈ ఎంపిక ఆమెకు రాదు, ఎందుకంటే సెక్షన్ 37 వేరే ఒప్పందం లేనప్పుడే వర్తిస్తుంది. రాసిన 10 శాతమే, 40,000.

2027 మార్చి 31న చివరి 1,10,000 ఇచ్చేటప్పుడు, ఇక ఏమీ రావాల్సింది లేదని ఎగ్జిక్యూటర్ చేత రాయించుకున్న కాగితం, వీలునామా నకలు, మరణ ధ్రువపత్రం, నాలుగు వాయిదాల రసీదులు ఒకే ఫైల్లో పెట్టి, ఆ ఫైలు మీద రిటైర్మెంట్ డీడ్ నంబరు రాయండి.